స్టాంపు ఫొటోలో అచ్చు చుక్కలు, కాగితం గరుకు కనిపించకపోతే: సమస్య - పరిష్కారం

అసలుదా నకిలీదా చూసి చెప్పమని నాకు వచ్చే ఫొటోల్లో 1948 నాటి గాంధీ పది రూపాయల స్టాంపువే ఎక్కువ. స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ప్రెస్సులో ఫొటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయిన స్టాంపు అది. రెండు రంగుల సిరాలతో, చాలా సన్నని జాలీ మీద బొమ్మ ఏర్పడుతుంది. చాలా నకిలీలు ఆఫ్‌సెట్‌లో వేసినవి. వాటిని పెద్దగా చేసి చూస్తే నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు గుండ్రంగా పువ్వుల్లా కూడి ఉంటాయి. గాంధీగారి నుదురు దగ్గర ఒక్క పసుపు చుక్క కనిపిస్తే చాలు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆ చుక్క ఫొటోలో పడాలి కదా. పంపేవాళ్లలో చాలామంది ఫొటోల్లో అది పడదు.

ఏదైనా మార్చే ముందు రెండు పనులు చేయండి. స్టాంపును స్టాక్‌బుక్ ప్లాస్టిక్ పట్టీలోంచి ట్వీజర్స్‌తో బయటికి తీయండి. ఫోన్ లెన్సును మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. విశాఖలో సాయంత్రం బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన ఫోన్ లెన్సు మీద ఉప్పు తేమ పొరలా పట్టి ఉంటుంది. లైటు పడగానే ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన ఫోన్ అయితే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది, అది ఆరేదాకా ఆగాలి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేవి ఈ రెండే.

సమస్య: ఫొటో స్పష్టంగానే ఉంది, పెద్దది చేస్తే గీతలన్నీ అలికినట్టు కలిసిపోతున్నాయి

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. చేయి వణికిందనుకుంటారు, స్టాండు కొంటారు. లైటు తక్కువైందనుకుని ఇంకో బల్బు పెడతారు. కారణం ఆ రెండూ కాదు. మీరు నొక్కిన లెన్సును ఫోన్ వాడనే లేదు.

మూడు రెట్ల జూమ్ లెన్సు మరీ దగ్గరి వస్తువును ఫోకస్ చేయలేదు. మీరు స్టాంపు దగ్గరికి వెళ్లి 3x నొక్కితే, చాలా ఫోన్లు మాటమాత్రం చెప్పకుండా మెయిన్ కెమెరాకు మారిపోయి, ఆ బొమ్మలో మధ్య ముక్కను కత్తిరించి పెద్దది చేసి చూపిస్తాయి. తెర మీద మాత్రం 3x అనే ఉంటుంది. ఆ పెద్దది చేయడంలో లేని వివరాలను ఫోన్ సాఫ్ట్‌వేర్ నునుపుగా పూడ్చేస్తుంది. సరిగ్గా మనకు కావలసిన చుక్కలే ఆ పూడికలో పోతాయి.

ఈమధ్య గాజువాక నుంచి ఒకాయన పంపిన ఫొటోలు ఇలాంటివే. "స్టాండు పెట్టానండి, టైమర్ పెట్టానండి, 3x లోనే తీశానండి" అన్నారు. అన్నీ నిజమే. కెమెరా తెరిచి ఉంచి, వెనకాల లెన్సులను ఒక్కొక్కటే వేలితో మూసి చూడమన్నాను. జూమ్ లెన్సు మూస్తే తెర మీద ఏమీ మారలేదు. మెయిన్ లెన్సు మూయగానే చీకటైంది. దొంగ దొరికాడు. మీరూ ఇలాగే చూడండి, అర నిమిషం పని.

ఇక లెక్క చూడండి. సాధారణ మెయిన్ కెమెరాను 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఫ్రేములో అడ్డంగా 30 సెంటీమీటర్ల దాకా పడుతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో అడ్డం 4000 పిక్సెళ్లు. అంటే ఒక మిల్లీమీటరుకు 13 పిక్సెళ్లే. ఆఫ్‌సెట్ చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం సుమారు 0.15 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో చుక్కకు దక్కేది రెండు పిక్సెళ్లు. ఎంత కదలకుండా తీసినా అందులో చుక్క ఆకారం రాదు. మిల్లీమీటరుకు కనీసం 40 పిక్సెళ్లు ఉండాలి. అంటే స్టాంపు పక్కన స్కేలు పెట్టినప్పుడు ఫ్రేములో పది సెంటీమీటర్లకు మించి కనిపించకూడదు. అయితే ఈ స్కేలు పరీక్ష వేలి పరీక్ష తర్వాతే చేయాలి, ఎందుకంటే కత్తిరించిన బొమ్మలో కూడా పది సెంటీమీటర్లే కనిపిస్తాయి.

పరిష్కారం మీ ఫోన్‌ను బట్టి ఉంటుంది. అల్ట్రావైడ్ లెన్సుకు ఆటోఫోకస్ ఉంటే మాక్రో మోడ్‌ను మీరే ఎంచుకుని, మూడు నాలుగు సెంటీమీటర్ల దూరం నుంచి తీయండి. అంచుల్లో బొమ్మ సాగినట్టు వస్తుంది కాబట్టి చూడాల్సిన భాగాన్ని మధ్యలో పెట్టండి. చవక ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాను మాత్రం నమ్ముకోకండి. దానికంటే మెయిన్ లెన్సు మీద క్లిప్ మాక్రో లెన్సు తగిలించడం మేలు. గాజువాక ఆయన అదే చేశారు. రెండో విడత ఫొటోలో నుదుటి మీద పసుపు, నీలం చుక్కలు విడివిడిగా కనిపించాయి. స్టాంపు ఆఫ్‌సెట్‌ది. ఇంట్లో స్కానర్ ఉంటే 1200 డీపీఐలో స్కాన్ చేసినా అచ్చు వరకు సరిపోతుంది, కానీ కాగితం గరుకు అందులో రాదు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే ఇంత కష్టమూ ఫైలు కుదింపులో పోతుంది.

సమస్య: అచ్చు కనిపిస్తోంది, మడతలు, గీకుళ్లు, జిగురు మాత్రం తెలియడం లేదు

లైటు పైనుంచి పడుతోంది. ఫ్లాష్ అయినా ట్యూబ్‌లైటు అయినా అంతే, ఎత్తుపల్లాలకు నీడ పడనివ్వవు. గదిలో లైట్లన్నీ ఆర్పి, కిటికీ తెర వేసి, ఒక్క టార్చిని స్టాంపుకు ఒక అడుగు దూరంలో బల్ల మీద దాదాపు పడుకోబెట్టినట్టు పెట్టండి. లైటు 10, 15 డిగ్రీల వాలులో రావాలి. సముద్రం వైపు తూర్పు కిటికీ ఉన్నవాళ్లకు పొద్దున్నే వచ్చే ఏటవాలు ఎండ కూడా బాగా పనికొస్తుంది.

టార్చి పెట్టినా గరుకు రాకపోతే ఫోన్‌లో హెచ్‌డీఆర్, నైట్ మోడ్ ఆపేయండి. మనం కష్టపడి తెచ్చుకున్న నీడలను అవి వెలిగించి చదును చేసేస్తాయి. వెలుగు కూడా కొంచెం తగ్గించి తీయండి.

ఒక ఫొటోతో ఆగకండి. లైటు వచ్చే దిశలోనే మడత ఉంటే దానికి నీడ పడదు, కాబట్టి టార్చిని కదపకుండా స్టాంపును పావు వంతు తిప్పి మళ్లీ తీయండి. చూపించేటప్పుడు లైటు పై ఎడమ నుంచి వచ్చేలా ఫొటోను తిప్పి పెట్టండి, కింది నుంచి వస్తే గుంట బొడిపెలా కనిపించి చూసేవాళ్లు పొరపాటు పడతారు.

వెనక వైపు తీసేటప్పుడు స్టాంపు అంచున ఉండే పళ్ల చివరలు ఫోకస్‌లో ఉండాలి. కొత్తగా జిగురు పూసి పాతదని అమ్మే స్టాంపుల్లో జిగురు పళ్ల చివరల్లోకి పాకి, పీచులను అంటించి గట్టిపరుస్తుంది. మామూలు స్టాంపులో ఆ పీచు మెత్తగా, విడిగా ఉంటుంది. ఏటవాలు లైటులో ఈ తేడా తెలిసిపోతుంది.

మధ్యలో స్పష్టంగా ఉండి అంచులు మసకబారితే స్టాంపు వంగిందన్నమాట. జిగురున్న స్టాంపు తేమ మారగానే చుట్టుకుంటుంది, మన ఊళ్లో ఏసీ వేసి తీసినా ఇదే గొడవ. గాజు పలక మోపకండి, మెరుపు వస్తుంది, పైగా వానాకాలంలో జిగురు దానికి అంటుకుంటుంది. అంచులను, మధ్య భాగాన్ని వేర్వేరుగా ఫోకస్ చేసి రెండు ఫొటోలు పంపితే సరి.

కెమెరా సెన్సర్ పాడవడం, లెన్సు లోపల బూజు పట్టడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాక కూడా ప్రతి ఫొటోలో ఒకేచోట మచ్చ వస్తుంటే అప్పుడు రిపేరు షాపుకి తీసుకెళ్లండి.