అమెరికా నుంచి శ్రీకాకుళం వచ్చారా? ఇల్లు ఖాయం చేసే ముందు శ్లాబు సంగతి చూసుకోండి

అక్కడ మీరున్న ఇల్లు చాలావరకు చెక్క ఫ్రేమూ, జిప్సం బోర్డూ. అలాంటి గోడలు రెండు మూడు దాటినా వైఫైకి పెద్దగా ఏమీ కాదు. అందుకే హాల్లో ఒక్క రూటర్ పెడితే మేడ మీద పడకగది దాకా అందేది. శ్రీకాకుళంలో బయటి గోడ తొమ్మిదంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర, రెండు వైపులా సిమెంటు పూత, పైన ఇనుప చువ్వల శ్లాబు. అక్కడి నుంచి మంచి రూటర్ తెచ్చుకున్నా ఇక్కడ అది ఒక అంతస్తుకే సరిపోతుంది. రూటర్‌ని తిట్టుకుని లాభం లేదు.

ఇటుక గోడ ఒకటైతే పర్వాలేదు, తలుపు తీసి ఉంటే ఇంకా నయం. అసలు గొడవ శ్లాబుతోనే. అందులో కాంక్రీటు సిగ్నల్‌ని కొంత పీల్చేస్తుంది, అడ్డంగా నిలువుగా కట్టిన చువ్వలు కొంత వెనక్కి కొడతాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి కాంక్రీటు దాటడం 2.4 కంటే కష్టం. అందుకే పై గదిలో ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌ని వదిలేసి 2.4కి మారిపోతుంది. గీతలు కనిపిస్తూనే ఉంటాయి, వీడియో కాల్ మాత్రం ఆగి ఆగి వస్తుంది. కొత్తగా పోసిన శ్లాబులో తడి ఇంకా ఆరకపోతే మరీ కష్టం, నీరు కూడా సిగ్నల్‌ని తాగేస్తుంది.

గీతల్ని నమ్మకండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
netsh wlan show interfaces
```

అందులో Signal అనే వరుసలో శాతం కనిపిస్తుంది. ఆఫీసు కాల్స్‌కి 65 శాతం పైన ఉంటే టెన్షన్ లేదు. 40 చుట్టూ తిరుగుతుంటే మాట తెగడం మొదలవుతుంది.

అరసవల్లి వైపు ఒక రెండంతస్తుల ఇంట్లో చూసిన లెక్క చెప్తాను. కేబుల్ కుర్రాడు వీధి వైపు నుంచి వైరు లాగి, కింద హాల్లో టీవీ పక్కనే రూటర్ బిగించి వెళ్లిపోయాడు. దాని పక్కన నిలువెత్తు అద్దం ఉన్న ఇనుప బీరువా. హాల్లో శాతం వంద దగ్గర. వెనక గదిలో తలుపు తీసి ఉంటే 80. బీరువా సరిగ్గా మధ్యలో అడ్డొచ్చే మూలకు వెళ్తే 55. సరిగ్గా హాలు పైనున్న గదిలో, అంటే ఒక్క శ్లాబు దాటితే, 42. కానీ పైన మెట్ల దగ్గర నిలబడితే 74! దూరం ఎక్కువైనా అక్కడ బాగుందంటే కారణం మెట్ల కోసం శ్లాబులో వదిలిన ఖాళీ. సిగ్నల్ శ్లాబుని చీల్చుకుని రాలేదు, మనలాగే మెట్లెక్కి వచ్చింది.

ఆ ఇంట్లో ముందు బీరువాని ఇంకో గోడకు జరిపారు, దాంతో వెనక మూల బాగుపడింది. ఇనుము సిగ్నల్‌ని దాటనివ్వదు, తిప్పికొడుతుంది. అద్దం కూడా అంతే. గాజు వల్ల కాదు, దాని వెనక పూసిన పలచటి లోహపు పొర వల్ల. మామూలు కిటికీ గాజు పెద్ద అడ్డు కాదు గానీ, ఎండ కోసం మెరిసే ఫిల్మ్ అంటించి ఉంటే అది అద్దంలాగే పని చేస్తుంది.

పై గదికి మాత్రం బీరువా జరిపితే చాలలేదు. మెట్ల గది వెంట క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు లాగి, ఆ వైరు నుంచి వైఫై పంచే యాక్సెస్ పాయింట్ ఒకటి పైన పెట్టారు. ఇలాంటి చోట వైర్‌లెస్ ఎక్స్‌టెండర్‌ని తీసుకెళ్లి పై గదిలో పెడతారు చాలామంది. దానికి అందేదే 42 శాతం, అది ఇంకేం పంచిపెడుతుంది? వైరు లాగే వీలు లేకపోతే దాన్ని కనీసం మెట్ల మలుపులో పెట్టండి.

డాబా మీద గది తీసుకునేవాళ్లు ట్యాంకు కూడా చూసుకోవాలి. ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు లెక్కలోది కాదు, నిండితే గోడ కంటే ఘోరం. పొద్దున్న మోటారు వేయకముందు బాగుండి, వేశాక సిగ్నల్ పడిపోతోందంటే రూటర్‌కీ గదికీ మధ్య ట్యాంకు ఉందని అర్థం. కింది అంతస్తుల్లో ఉండేవాళ్లకు దీనితో పనిలేదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఓనరు గారిని అడిగి, కేబుల్ లోపలికి వచ్చే చోట మీ ఫోన్ హాట్‌స్పాట్ వేసి ఉంచండి, ల్యాప్‌టాప్ పట్టుకుని గదులన్నీ తిరగండి. ఫోన్ సిగ్నల్ రూటర్ కంటే బలహీనమే కాబట్టి అంకెల్ని అలాగే తీసుకోకండి, ఏ గదిలో ఎంత పడిపోతోందో చూడండి. మీరు పనిచేసే గది పైన ఉంటే, టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు పైదాకా వెళ్తోందా అని అడగండి. ఉంటే క్యాట్ 6 అందులోంచే పోతుంది. లేకపోతే బయటి గోడ మీదుగా లాగడానికి ఓనరు గారి ఒప్పుదల ముందే తీసుకోండి. అలా లాగేటప్పుడు ఎండకీ వానకీ తట్టుకునే అవుట్‌డోర్ రకం వైరే కొనాలి.