తినడం లేదని ఇన్సులిన్ ఆపితే: కీటోఅసిడోసిస్‌ను గుర్తించడం ఎలా?

సమస్య

టైప్ 1 మధుమేహం ఉన్న 14 ఏళ్ల అమ్మాయికి జ్వరం వచ్చి అన్నం సయించలేదనుకుందాం. తినని పిల్లకు ఇన్సులిన్ ఇస్తే షుగరు పడిపోతుందేమోనన్న భయంతో తల్లి ఒక రోజంతా ఇంజెక్షన్లు ఆపుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం మొదలై, మర్నాటికి కడుపునొప్పి, వాంతులు కూడా తోడవుతాయి. ఇంట్లోవారు దీన్ని అజీర్తి అనుకుంటారు; ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. సాయంత్రానికి అమ్మాయి పరుగెత్తి వచ్చినట్టు లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది, నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తుంది, మగతగా పడుకుంటుంది. గ్లూకోమీటరులో 420 కనిపిస్తుంది.

కారణం

జ్వరం వచ్చినప్పుడు ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది, కాబట్టి ఇన్సులిన్ అవసరం తరచుగా పెరుగుతుంది. ఇన్సులిన్ లేనప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, ఆ కొవ్వు నుంచి కాలేయం కీటోన్లనే ఆమ్లాలను తయారుచేస్తుంది. ఇవి రక్తంలో పేరుకుపోవడమే కీటోఅసిడోసిస్. రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని తగ్గించుకోవడానికే శరీరం అంత వేగంగా ఊపిరి తీస్తుంది; ఈ ఆయాసానికి మూలం ఊపిరితిత్తుల్లో ఉండకపోవచ్చు.

ఎండకు పాడైన ఇన్సులిన్ వాడినా, మధుమేహం ఉందని ఇంకా తెలియని పిల్లల్లోనూ ఇదే జరగవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మాత్రలు వాడేవారిలో షుగరు 250 లోపే ఉన్నా కీటోఅసిడోసిస్ రావచ్చు కాబట్టి, వాంతులు, ఆయాసం ఉన్నప్పుడు మీటరులో అంకె తక్కువగా ఉందని ధైర్యపడకూడదు.

పరిష్కారం

ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులుంటే మూత్రాన్ని పరీక్షించాలి. కీటోన్లు మధ్యస్థంగా లేదా అంతకన్నా ఎక్కువగా కనిపించినా, ఆగని వాంతులు, లోతైన ఊపిరి, మగతలలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్ట్రిప్పు లేకపోతే దాని కోసం వెతుకుతూ ఆలస్యం చేయకూడదు. మగతగా ఉన్నవారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇంట్లోనే ఎక్కువ ఇన్సులిన్ ఇచ్చి సరిచేద్దామనుకోవడం ప్రమాదం. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. రక్తంలో అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే ఆస్పత్రిలో ముందుగా సెలైన్ ఎక్కించి, పొటాషియం ఎంత ఉందో చూసుకుని, ఆ తర్వాతే ఇన్సులిన్‌ను నెమ్మదిగా నరం ద్వారా ఇస్తారు. పిల్లల్లో చికిత్స సమయంలో మెదడు వాచే ప్రమాదం కూడా ఉంది కాబట్టి గంటగంటకూ గమనించాలి.

కొన్ని గంటల్లో షుగరు దిగివస్తుంది గానీ ఆమ్లం ఇంకా రక్తంలో ఉంటుంది. అందుకే వైద్యులు గ్లూకోజు ఎక్కిస్తూనే ఇన్సులిన్ కొనసాగిస్తారు. షుగరు తగ్గింది కదా, ఇంటికి పంపించండని ఆ దశలో పట్టుబట్టవద్దు.

ఇకముందు జ్వరం వచ్చినా రోజువారీ ఇచ్చే, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపకూడదు. మూడు నాలుగు గంటలకోసారి షుగరు, కీటోన్లు చూసుకుంటూ, మోతాదు ఎంత మార్చాలో వైద్యుడిని ఫోన్లో అడిగి తెలుసుకోవాలి.