ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగ్, 4వ పాఠం: ఫార్వర్డ్ చేసిన ఆహ్వానంలో మన జవాబు ఎందుకు మారిపోతుంది?

గత పాఠంలో గూగుల్ క్యాలెండర్ నుంచి వచ్చిన ఆహ్వానాన్ని ఫోన్‌లో ఎలా తెరవాలో చూశాం. ఈసారి ఒక్క విషయమే నేర్చుకుందాం. మనకు వచ్చిన ఆహ్వానాన్ని ఇంకొకరికి పంపాల్సి వస్తే ఏది పంపాలి, ఏది పంపకూడదు? మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

మా చిన్నాన్నకు మలికిపురం వైపు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ తెగులు గురించి మంగళవారం సాయంత్రం 6 గంటలకు ఒక ఆన్‌లైన్ మీటింగ్ పెట్టారు. చిన్నాన్నకు మెయిల్‌లో ఆహ్వానం వచ్చింది. ఆయన Yes నొక్కారు. పక్క చెరువు రైతుకు కూడా పనికొస్తుందని ఆ మెయిల్‌ను అలాగే ఫార్వర్డ్ చేశారు. మర్నాడు మీటింగ్ పెట్టినాయన ఫోన్ చేశారు.

"ఏవండీ, వస్తానని చెప్పి మళ్లీ రాలేనన్నారేంటి?"

"నేనెప్పుడన్నానండీ? నిన్న పొద్దున్నే వస్తానని నొక్కాను కదా!"

విషయం పక్క రైతును అడిగితే తెలిసింది. "మంగళవారం మా చెరువు పట్టుబడి ఉంది బావగారూ. రాలేనని మర్యాదగా No నొక్కాను" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ No మీటింగ్ పెట్టినాయన దగ్గర చిన్నాన్న పేరు మీద పడింది.

ఎందుకలా జరిగిందో అర్థం చేసుకుంటే మిగతా పాఠమంతా సులువే. ఆహ్వానం మెయిల్‌లో Yes, No, Maybe అని మూడు మీటలు కనిపిస్తాయి. అవి అందరికీ ఒకటే అనుకుంటాం. నిజానికి ఒక్కో మీట వెనక ఒక్కో లింకు ఉంటుంది. ఆ లింకులో tok= అనే ముక్క తర్వాత పొడుగాటి అక్షరాల వరస ఉంటుంది. అది ఈ ఆహ్వానం ఫలానా మెయిల్ అడ్రసుకు పంపింది అని చెప్పే తాళంచెవి లాంటిది. మెయిల్ ఫార్వర్డ్ చేస్తే తాళంచెవి కూడా వెళ్లిపోతుంది. అవతలివాళ్లు ఆ మీట నొక్కితే, నొక్కింది ఎవరని చూడకుండా జవాబు మొదట ఆహ్వానం అందుకున్నవాళ్ల పేరు మీద నమోదు కావచ్చు. ఈ మాట గూగుల్ మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రాసే ఉంటుంది. ఈ ఆహ్వానాన్ని ఫార్వర్డ్ చేస్తే అవతలివాళ్లు మీ జవాబును మార్చగలరని అక్కడ హెచ్చరిస్తారు. అంత కిందకు వెళ్లి చదివేవాళ్లు తక్కువ.

మీ జవాబు మారిందో లేదో తెలుసుకోవడానికి మెయిల్ చూడకండి. మెయిల్ పాతది. క్యాలెండర్ యాప్ తెరిచి ఆ మీటింగ్ మీద నొక్కండి. మీ జవాబు ప్రస్తుతం ఏముందో అక్కడ కనిపిస్తుంది. No అని ఉంటే అక్కడే మళ్లీ Yes నొక్కితే సరిపోతుంది. క్యాలెండర్‌లో మీటింగ్ పేరు మీద గీత కొట్టినట్టు ఉన్నా, అసలు మీటింగే కనిపించకపోయినా ముందు ఈ అనుమానం రావాలి. రాలేనని జవాబిచ్చిన మీటింగులను క్యాలెండర్ అలా చూపిస్తుంది, లేదా సెట్టింగును బట్టి దాచేస్తుంది. చిన్నాన్న కూడా "మీటింగు ఫోన్‌లోంచి పోయిందిరా" అని కంగారుపడ్డారు. మీటింగు ఎక్కడికీ పోలేదు, దాగి ఉందంతే.

మరి పక్క రైతుకు ఎలా పంపాలి? రెండు దారులున్నాయి. ఆయన మీటింగ్‌కు వచ్చి వినాలి, అంతే చాలు అనుకుంటే మీటింగ్ లింకు ఒక్కటే పంపండి. గూగుల్ మీట్ లింకు ఇలా ఉంటుంది:

```
https://meet.google.com/abc-defg-hij
```

చివర మూడు, నాలుగు, మూడు అక్షరాలు, మధ్యలో అడ్డగీతలు. ఇందులో మన పేరు గానీ, మన తాళంచెవి గానీ లేవు. క్యాలెండర్‌లో మీటింగ్ తెరిచి ఈ లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టండి. దాని పక్కనే తేదీ, టైము మీ చేత్తో రాయండి, ఎందుకంటే లింకులో టైము ఉండదు.

రెండో దారి ఆయన్ని అతిథుల జాబితాలో చేర్పించడం. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. మీటింగ్ పెట్టినవాళ్లకు ఆయన జీమెయిల్ అడ్రసు పంపి చేర్చమని అడగండి. అతిథులు ఇతరులను పిలవడానికి వాళ్లు అనుమతి ఇచ్చి ఉంటే మీరే క్యాలెండర్‌లో ఆ మీటింగ్ తెరిచి ఆయన అడ్రసు చేర్చవచ్చు. అప్పుడు ఆయనకు సొంత ఆహ్వానం వస్తుంది. ఆయన ఏది నొక్కినా అది ఆయన జవాబే అవుతుంది.

ఈ రెండో దారి ఎందుకు మంచిదో మా వాళ్లకు ఆ వారంలోనే తెలిసింది. మీటింగ్‌ను 6 నుంచి 5 గంటలకు జరిపారు. జాబితాలో ఉన్న చిన్నాన్న క్యాలెండర్‌లో టైము దానంతటదే మారింది, మెయిల్ కూడా వచ్చింది. చిన్నాన్న నుంచి వాట్సాప్‌లో లింకు అందుకున్న ఇంకో రైతుకు మాత్రం ఏ కబురూ అందలేదు. చిన్నాన్న పంపిన మెసేజ్‌లో 6 అనే ఉంది. ఆయన ఆ టైముకే వచ్చేసరికి మాట్లాడాల్సిందంతా దాదాపు అయిపోయింది. లింకు మాత్రమే పంపితే, టైము మారినప్పుడు మళ్లీ చెప్పే బాధ్యత మనదే.

ఇక ఫోన్ నుంచి చేరడం. లింకు నొక్కగానే మీట్ యాప్ తెరుచుకుని, లోపలికి వెళ్లేముందు ఒక మీట చూపిస్తుంది. దాని మీద ఏం రాసుందో చదవండి. ఆహ్వానం అందుకున్న అకౌంటుతోనే వస్తే సాధారణంగా Join అని ఉంటుంది. Ask to join అని ఉంటే, ఈ అకౌంటు జాబితాలో లేదు కాబట్టి లోపలున్నవాళ్లు తలుపు తీయాలి అని అర్థం. లింకుతో వచ్చిన రైతుకు అది మామూలే. నొక్కి కాసేపు ఆగాలి. నిర్వాహకులు ఇంకా రాకపోతే కాసేపు అలాగే ఉండవచ్చు, ఫోన్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు.

ఆహ్వానం ఉన్న మనిషికి కూడా Ask to join కనిపిస్తే మాత్రం అకౌంటు మారిందని అనుమానించాలి. చిన్నాన్న ఫోన్‌లో మా చెల్లి జీమెయిల్ కూడా ఉంది. మీట్ యాప్ చెల్లి అకౌంటుతో తెరుచుకుంది. లోపలివాళ్లకు చెల్లి పేరు కనిపించేసరికి ఎవరో తెలియక రానివ్వలేదు. వెనక్కి వచ్చి, మీట్ యాప్‌లో కుడివైపు పైన గుండ్రంగా ఉన్న బొమ్మనో అక్షరాన్నో నొక్కితే ఫోన్‌లో ఉన్న అకౌంట్లు కనిపిస్తాయి. ఆహ్వానం వచ్చిన అడ్రసును ఎంచుకుని లింకు మళ్లీ నొక్కాలి. చిన్నాన్న అలా చేయగానే Join వచ్చింది.

ఈ వారం సాధన. ఇంట్లో రెండు ఫోన్లు, మూడు జీమెయిల్ అడ్రసులు తీసుకోండి. మొదటి అడ్రసుతో రేపటికి 15 నిమిషాల మీటింగ్ పెట్టి రెండో అడ్రసును పిలవండి. రెండోవాళ్లు Yes నొక్కి, మెయిల్‌ను మూడో అడ్రసుకు ఫార్వర్డ్ చేయాలి. మూడో అడ్రసు నుంచి మెయిల్‌లోని No నొక్కండి. ఇప్పుడు మొదటి అడ్రసు క్యాలెండర్‌లో అతిథుల జాబితా తెరిచి, రెండోవాళ్ల పేరు పక్కన ఏముందో చూడండి. తర్వాత అదే మీటింగ్ టైము అరగంట జరిపి, ముగ్గురిలో ఎవరికి కబురు వచ్చిందో పుస్తకంలో రాసుకోండి.

5వ పాఠంలో జూమ్ లింకులు చూద్దాం. పేరు నమోదు చేసుకుని తెచ్చుకున్న జూమ్ లింకును ఇంకొకరికి ఇస్తే వాళ్లు మన పేరుతోనే లోపలికి వెళ్లే ఇబ్బంది ఉంది, అక్కడి నుంచి మొదలుపెడదాం.