కత్తిరి ఎండల్లో మాంసం, పాల సరుకు దించుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతిలో ఏప్రిల్ నెల సగానికి వచ్చేసరికి ఉదయం పది గంటలకే రోడ్డు మీద నిలబడలేని పరిస్థితి ఏర్పడుతుంది. రోహిణీ కార్తె వెళ్లేదాకా హోటళ్లకు సరుకు తెచ్చే బండ్లన్నీ ఆ ఎండలోనే తిరుగుతాయి. కాబట్టి కోడిమాంసం, పాలు, పనీరు తెచ్చేవారితో ఇప్పుడే మాట్లాడి, బండి ఉదయం ఏడున్నరలోపు వచ్చేటట్లు ఖాయం చేసుకోవాలి. ఆ సమయానికి సరుకు చూసి తీసుకునే బాధ్యతను ఒకే మనిషికి అప్పగించి, అతనికి వేరే పని పెట్టకూడదు.

అతని చేతిలో ఉండవలసిన ముఖ్యమైన పనిముట్టు సూది ఉన్న థర్మామీటరు. దూరం నుంచి కాంతితో చూపే థర్మామీటరు పైపొర వేడిని మాత్రమే చెబుతుంది కనుక, పైన ఐసు పోసిన కోడిమాంసం విషయంలో అది మనల్ని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. సూది థర్మామీటరు సరిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే, గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందుల్లోకి కొంచెం నీళ్లు పోసి కలిపి, సూదిని మధ్యలో ఉంచాలి. కాసేపటికి అది సున్నా దగ్గర నిలవాలి. ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే దాన్ని సరిచేయాలి లేదా మార్చాలి.

ముందు పాల సరుకు చూసి, తరువాత పచ్చిమాంసం చూడటం మంచిది. ఒక్కొక్క సరుకుకు మధ్య సూదిని స్పిరిటు దూదితో తుడవాలి. పాల పాకెట్టుకు చిల్లు పెట్టనవసరం లేదు. రెండు పాకెట్ల మధ్య సూదిని ఉంచి గట్టిగా అదిమి పట్టుకొని, అంకె కదలకుండా నిలిచేదాకా చూడాలి. మాంసంలో అయితే ముక్క బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. చల్లగా రావలసిన సరుకు 5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువలో, గడ్డకట్టి రావలసినది మైనస్ 18 లేదా అంతకంటే తక్కువలో ఉండాలన్నది మన దేశపు ఆహార భద్రతా నియమం. గడ్డకట్టిన పెట్టె అడుగున ఎర్రని నీరు గడ్డకట్టి కనబడితే, దారిలో అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఇప్పుడు అంకె ఎంత బాగున్నా అది తీసుకోదగినది కాదు.

తేదీ విషయంలో చాలామంది పొరపడతారు. పాల పాకెట్టు మీద ఉన్న గడువు, ఆ పాకెట్టును చెప్పిన చల్లదనంలో ఉంచితేనే చెల్లుతుంది. రేపటి దాకా గడువున్న పాకెట్టు కూడా బండిలో మూడు గంటలు వేడెక్కితే ఆ తేదీకి విలువ ఉండదు. ఉబ్బిన పాకెట్టును, అచ్చు చెరిగిపోయిన పాకెట్టును తేదీ చూడకుండానే తిప్పి పంపవచ్చు.

నేను చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. ఒక మే నెలలో పదిన్నర దాటాక నాలుగు క్రేట్ల కోడిమాంసం, ఐదు కిలోల పనీరు వచ్చాయి. బండి లోపలి వైపున్న రెండు క్రేట్లలో ఐసు నిండుగా ఉండి సూది 3, 4 డిగ్రీలు చూపింది. ఎండ తగిలే అంచున ఉన్న రెండింటిలో ఐసు కరిగిపోయి 9, 11 డిగ్రీలు చూపింది. పనీరు 12 దగ్గర ఉంది. మొదటి క్రేటు ఒక్కటే చూసి ఉంటే సరుకంతా లోపలికి వెళ్లిపోయేది. బండి తెచ్చినతను, "అన్నా, ఇంకొంచెం ఐసు వేస్తా, ఎట్లాగూ బాగా ఉడికిస్తారు కదా" అన్నాడు. అతని మాటలో దురుద్దేశం లేదు, కానీ అది ప్రమాదకరమైన మాట. చేతులు తగిలిన పనీరులో స్టెఫైలోకోకస్ అనే సూక్ష్మజీవి వెచ్చదనంలో పెరిగి విషాన్ని వదులుతుంది. మరిగిస్తే ఆ జీవి చస్తుంది గానీ, విషం చాలావరకు అలాగే మిగులుతుంది. వాసనలోగానీ రంగులోగానీ తేడా కనబడదు. తరువాత ఐసు వేస్తే అంకె దిగుతుందే తప్ప అప్పటిదాకా పెరిగినది తగ్గదు. అందుకే లోపలి రెండు క్రేట్లు మాత్రమే తీసుకొని, మిగిలిన రెండింటినీ పనీరునూ తిప్పి పంపాము. ఆ మధ్యాహ్నం పనీరు వంటకాలను పట్టిక నుంచి తీసివేయవలసి వచ్చింది.

తిప్పి పంపే సరుకును మాటవరసకైనా ఫ్రిజ్‌లోకి చేర్చకూడదు. బండి దగ్గరే నిలిపి ఉంచాలి. ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలకు అన్నది చలానా రెండు ప్రతుల మీదా రాసి, తెచ్చినవారి సంతకం తీసుకొని, థర్మామీటరు అంకె కనబడేటట్లు ఫోటో తీయాలి. బిల్లులో ఆ మొత్తాన్ని అక్కడే కొట్టివేయించాలి. తీసుకున్న సరుకును పదిహేను నిమిషాల్లోపు ఫ్రిజ్‌లో సర్ది, ముందుగా గడువు తీరేది ముందు వరుసలో, పచ్చిమాంసం కింది అరలో ఉంచాలి.