ట్రైనీని మధ్యలో పంపించాలంటే ముందు మెమోల తేదీలు చూసుకోండి

పోయిన నెల చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ వాళ్లు హాజరు లేదని ట్రైనీని పంపించేశారు. ఆ కుర్రాడు సరిగ్గా రాని మాట నిజమే. అయినా లేబర్ ఆఫీసులో నీళ్లు నమిలింది యాజమాన్యమే. ఫైల్లో ఉన్న మూడు మెమోలూ చివరి రోజు కూర్చుని పాత తేదీలు వేసి రాసినవి. రెండో దాని మీద "చేతికి ఇచ్చాం" అని ఉంది, మస్టర్ తిప్పితే ఆ రోజు అతను ఆబ్సెంట్!

ఒంగోలు చుట్టుపక్కల యూనిట్ల కాగితాలు చూసేవాడిగా చెబుతున్నా, నేను చూసినంతలో మునిగినవాళ్లంతా ఈ ఒక్క తప్పుతోనే మునిగారు.

ముందు ఒకటి తేల్చుకోండి. అతను 1961 అప్రెంటిస్ చట్టం కింద రిజిస్టరైన అప్రెంటిసా? అయితే మీ లెటర్‌తో ఒప్పందం రద్దు కాదు. సెక్షన్ 7 ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు దరఖాస్తు పెట్టి, కాపీ అతనికి పోస్టులో పంపాలి, తేల్చేది ఆయనే. మామూలు ట్రైనీ అయితే ఆఫర్ లెటర్‌లో మీరే రాసిన షరతుల ప్రకారం నడవండి.

తర్వాత లెక్క. పాలిషింగ్ దగ్గర రోజంతా నీళ్లలో, రాతి పొడిలో ఉండే వేళ్లను బయోమెట్రిక్ చాలాసార్లు గుర్తుపట్టదు, కాబట్టి గేటు పుస్తకంతో సరిచూడండి. ఉదాహరణకు ఆగస్టులో 9 ఆబ్సెంట్లు పడ్డాయనుకోండి. అందులో 2 రోజులు గేటులో సంతకం ఉంది, 3 రోజులకు ఆస్పత్రి చీటీ ఉంది. మిగిలింది 4. మెమోలో ఆ 4 తేదీలే వేసి, మూడు రోజుల్లో జవాబు అడగండి. నైట్ షిఫ్ట్ దిగాక పొదిలికి బస్సు లేదంటాడు, షిఫ్ట్ మార్చి, మార్చినట్టు కాగితం ఇవ్వండి. సెప్టెంబరులో మళ్లీ 6 రోజులు చెప్పకుండా మానేస్తే రెండో మెమో, అదీ ఆ వారంలోనే. ఇంకోసారైతే ట్రైనింగ్ ఆపేస్తామని అందులోనే రాయాలి. ఆ తర్వాతే ఆఖరి లెటర్.

ఆ లెటర్‌లో తేదీలు, రెండు మెమోలు, అతని జవాబు, అది ఎందుకు సరిపోలేదో, చివరి రోజు, ఎప్పటివరకు స్టైపెండ్ ఇస్తారో ఉంటే చాలు. "బాధ్యత లేనివాడు", "క్రమశిక్షణ లేదు" అని రాయకండి, అలా రాస్తే అది నేరారోపణ అవుతుంది, విచారణ జరపకుండా ఎలా తీశారని అడుగుతారు.

ఇక మిగతావి. తెల్ల కాగితం మీద సంతకం తీసుకోవద్దు. రాజీనామా రాయించుకోవద్దు. మెమో తీసుకోకపోతే ఇద్దరు సాక్షులతో రాయించి, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు మెమోకే పిన్ను కొట్టండి. సర్టిఫికెట్లు ఉంచుకున్నారా, తిరిగిచ్చేయండి. వచ్చిన రోజుల స్టైపెండ్ ఆపొద్దు. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మెమో ఇవ్వడం మర్చిపోయారా? ఈ రోజు తేదీతో ఈ రోజే ఇచ్చి, ఇంకో నెల ఆగండి. పాత తేదీ మాత్రం వేయొద్దు.