బ్రెడ్ పుడ్డింగ్ రబ్బరులా సాగుతోందా? తప్పు గుడ్లదా, మంటదా?

ముందుగా కొలత: అర లీటరు చిక్కటి పాలు, 3 గుడ్లు, అంచులు తీసిన 4 బ్రెడ్ ముక్కలు (సుమారు 100 గ్రాములు), 5 టేబుల్ స్పూన్ల పంచదార. పుడ్డింగ్ తేడా చేస్తే ఈ లెక్కతో పోల్చి చూసుకోండి.

సమస్య: ముక్క సాగుతోంది, నమిలితే గట్టిగా ఉంది

కోసి లోపల చూడండి. సన్నటి రంధ్రాలుండి, గిన్నె అడుగున నీరు ఊరితే తప్పు మంటది. గుడ్డు, పాల మిశ్రమం 80 డిగ్రీలు దాటాక గట్టిపడుతుంది. ఇంకా వేడెక్కితే గుడ్డులోని మాంసకృత్తులు బిగుసుకుని, పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి. కుక్కర్‌లో వండేటప్పుడు వెయిట్ పెట్టకండి. వెయిట్ పెడితే లోపలి వేడి 100 డిగ్రీలు దాటిపోతుంది. అడుగున స్టాండు, దాని మీద మడిచిన గుడ్డ, ఆపైన మూత బిగించిన గిన్నె పెట్టి సన్నటి మంట మీద 30 నుంచి 35 నిమిషాలు ఉంచండి. నీళ్లు తెర్లకూడదు, చిన్నగా కదిలితే చాలు.

రంధ్రాలు లేకుండా ముద్దలా ఉండి, గుడ్డు వాసన వస్తుంటే గుడ్లు ఎక్కువయ్యాయి. అర లీటరుకు 5 గుడ్లు వేస్తే తీపి ఆమ్లెట్టే వస్తుంది. గిన్నె బోర్లించినప్పుడు విరిగిపోతుందన్న భయంతో చాలామంది గుడ్లు పెంచుతారు. అంత అవసరం లేదు, ఎందుకంటే బ్రెడ్డులోని పిండి కూడా మిశ్రమాన్ని పట్టి ఉంచుతుంది. ఇంకాస్త గట్టిగా కావాలంటే నాలుగో గుడ్డులోని పచ్చసొన మాత్రం కలపండి. బిగువు ఎక్కువగా తెల్లసొన నుంచి వస్తుంది, పచ్చసొన నునుపునిస్తుంది.

ఒకసారి రబ్బరులా అయింది మళ్లీ మెత్తబడదు. పలచగా కోసి, చల్లటి కస్టర్డ్ పోసి వడ్డించేయడమే.

సమస్య: గట్టిపడలేదు

గిన్నె కదిపితే మధ్యభాగం పాలలా పారుతోందంటే ఇంకా ఉడకలేదు. మరో 10 నిమిషాలు ఆవిరి పట్టండి. పూర్తిగా చల్లారాక కూడా జారిపోతుంటే పాలు ఎక్కువైనట్టే. 2 గుడ్లతోనే చేయాలంటే పాలను 350 మిల్లీలీటర్లకు, బ్రెడ్డును 3 ముక్కలకు తగ్గించండి.

ఎప్పుడు దించాలన్నది చాకు చెబుతుంది. అంచుకు అంగుళం లోపల గుచ్చితే శుభ్రంగా రావాలి, నడిమధ్య మాత్రం కాస్త వణకాలి. ఆ వణుకు పోయేదాకా ఆగకండి, దించాక కూడా లోపలి వేడికి అది గట్టిపడుతుంది.

సమస్య: పైన బ్రెడ్డు, కింద కస్టర్డ్

బ్రెడ్డు సరిగా నానలేదు. కాస్త ఎండిన బ్రెడ్డు తీసుకుని, గోరువెచ్చటి పాలలో 20 నిమిషాలు నాననివ్వండి. గుడ్లు ఆ తర్వాతే కలపండి. పాలు పొగలు కక్కుతుండగా కలిపితే గుడ్డు అక్కడికక్కడే పలుకులు కడుతుంది.