వీపీఎన్ కనెక్ట్ అయింది, ల్యాబ్ మిషన్ మాత్రం తెరుచుకోదు

మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలవడానికి పోయిన రీసెర్చ్ స్కాలర్ ఒకాయన మా ఐటీ ఆఫీసుకు పంపిన మెయిల్ ఇంతే: "సార్, ల్యాబ్ మిషన్లకు వీపీఎన్ యాక్సెస్ కావాలి, అర్జెంట్." లాగ్ తీసి చూస్తే ఆయనకు యాక్సెస్ ఎప్పుడో ఇచ్చేశాం, మెయిల్ వచ్చిన టైముకు కనెక్ట్ అయ్యే ఉన్నాడు కూడా. మరి అడిగేదేంటి?

లాగిన్ దగ్గరే ఆగిపోతే అది యాక్సెస్ సంగతి, యూజర్ పేరు పంపండి, మేం చూస్తాం. కనెక్ట్ అయ్యాక ల్యాబ్ మిషన్‌కు పింగ్ పోకపోతే, ముందు ల్యాబ్‌లో ఉన్న ఎవరికైనా ఫోన్ చేసి మిషన్ ఆన్‌లో ఉందా అని అడగండి. కరెంటు పోయొచ్చాక పవర్ బటన్ నొక్కేవాళ్లు లేక పడున్న మిషన్ కోసం నేను రెండు గంటలు ఫైర్‌వాల్ వెతికిన రోజులున్నాయి.

అసలు ఏడిపించేది మూడోది. పింగ్ చక్కగా పోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం పాస్‌వర్డ్ కూడా అడక్కుండా బిగుసుకుపోతుంది. `ssh -v` పెట్టి చూస్తే ఈ లైను దగ్గర ఆగుతుంది:

```
expecting SSH2_MSG_KEX_ECDH_REPLY
```

ఇది చూసి అందరూ పాస్‌వర్డ్ మార్చమంటారు. పాస్‌వర్డ్ దాకా వస్తే కదా! పింగ్ ప్యాకెట్ చిన్నది, దూరిపోతుంది. కీలు మార్చుకునేటప్పుడు వచ్చే ప్యాకెట్లు పెద్దవి, పైన వీపీఎన్ తన తొడుగు కూడా వేస్తుంది, మొబైల్ హాట్‌స్పాట్ దారిలో ఎక్కడో అది పట్టదు. "పెద్దదైంది, తగ్గించు" అని చెప్పే ఐసీఎంపీ జవాబును మధ్యలో ఎవరో ఆపేస్తారు కాబట్టి మీకు ఎర్రర్ కూడా రాదు. నేనూ మొదట్లో రెండు రోజులు సర్వర్నే తిట్టుకున్నాను.

లినక్స్‌లో ఇలా కొలవండి, చివర ల్యాబ్ మిషన్ ఐపీ పెట్టి:

```
ping -M do -s 1372 10.20.5.14
```

ఆ స్కాలర్ దగ్గర 1372కి జవాబు రాలేదు, తగ్గించి చూస్తే 1272కి వచ్చింది. హెడర్లకు 28 కలిపితే 1300. అదే పెట్టించాను:

```
sudo ip link set dev tun0 mtu 1300
```

వెంటనే పాస్‌వర్డ్ అడిగింది. మీ ఇంటర్‌ఫేస్ పేరు వేరే ఉండొచ్చు, `ip link` కొట్టి చూసుకోండి. వీపీఎన్ తెంపి మళ్లీ కలిపితే ఈ సెట్టింగ్ పోతుంది కాబట్టి, ఓపెన్‌వీపీఎన్ అయితే మీ కాన్ఫిగ్ ఫైల్లో `mssfix 1300` అని ఒక లైను వేసేయండి. వైఫై రూటర్, ల్యాబ్ నెట్‌వర్క్ ఒకే ఐపీ రేంజ్‌లో ఉండి కొట్టుకోవడం లాంటివి అరుదు, హాట్‌స్పాట్‌కు మారితే తేలిపోతుంది.

మాకు రాసేటప్పుడు యూజర్ పేరు, మిషన్ ఐపీ, ఎన్నింటికి ప్రయత్నించారు, పింగ్ పోయిందా, `ssh -v` చివరి లైను ఏమిటి, ఇవి రాయండి. స్క్రీన్ ఫొటో అయితే లైను కనపడేలా తీయండి, లారీ అద్దంలో తీసినట్టు కాదు.